జతపడని ఇరవై మూడు బిల్లులు

"తాళంచెవి ఇక్కడ పెట్టండి," అంది ఓనరమ్మ.

కౌంటర్ బాబాయ్ మొలకి కట్టుకున్న గుత్తిలోంచి సొరుగు తాళంచెవి ఒక్కటీ విడదీయడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. రింగు గట్టిది, గోళ్లు అరిగిపోయినవి. ఎవరూ సాయం చేయలేదు. చివరికి ఊడింది. బల్ల మీద పెట్టాడు.

గదిలో ఉన్నది ముగ్గురే. ఓనరమ్మ, బాబాయ్, గోడకి ఆనుకుని ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడ్డ పద్దులమ్మ. ఆ పేరు ఆవిడకి బాబాయే పెట్టాడు, మూడేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన మొదటివారంలోనే. "తెల్లారితే పద్దులు, పొద్దుగూకితే పద్దులు, నీ పేరు పద్దులమ్మ," అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కుట్టుమిషన్ల సామాన్ల షాపులో ఆవిడ అసలు పేరు జీతం కవరు మీద తప్ప ఇంకెక్కడా కనబడలేదు.

"ఇరవై మూడు బిల్లులు," అంది ఓనరమ్మ కాగితం చూస్తూ. "రెండు నెలల్లో. అన్నీ మోటారు సెట్లే. ఒక్కోటి పద్నాలుగు వందల యాభై. అన్నిటి మీదా మీ చేత్తో 'కార్డు' అనో 'ఫోన్' అనో రాసుంది. ఒక్క దాని డబ్బు కూడా బ్యాంకులో పడలేదు. మొత్తం ముప్పై మూడు వేల మూడు వందల యాభై. నోట్లు తీసుకుని కార్డని రాశారా, లేదా? అది చెప్పండి చాలు."

బాబాయ్ ఆ 'మీరు' దగ్గరే ఆగిపోయాడు. ఓనరమ్మ తండ్రి కాలం నుంచి ఇరవై ఆరేళ్లుగా ఆ కౌంటర్లో ఉన్నాడాయన. స్కూలు నుంచి వచ్చిన ఆ పిల్లని దారపు రీళ్ల డబ్బాల మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించిన మనిషి. నిన్న సాయంత్రం దాకా ఆవిడ నోట ఆయన 'బాబాయ్, నువ్వు'.

"తీసుకోలేదు పాపా."

"మరి డబ్బేది?"

"నాకేం తెలుసమ్మా. ప్రతి బిల్లు మీదా కార్డు మిషన్ చీటీలో వచ్చే పన్నెండంకెల నంబరు రాస్తున్నాను. రాయమన్నారు, రాస్తున్నాను. ఆ నంబర్లు చూశారా?"

ఓనరమ్మ తలతిప్పి పద్దులమ్మ వైపు చూసింది. "చూశావా?"

"చూశాను," అంది పద్దులమ్మ.

ఆ మాట ఆవిడ నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అబద్ధమని ఆవిడకే ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

బాబాయ్ ఇంకేం అడగలేదు. పద్దులమ్మ చూశానందంటే చూసే ఉంటుందన్నట్టు తల దించుకున్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"నాలుగింటికి మీ అల్లుడు వస్తున్నాడు," అంది ఓనరమ్మ. "నేనే ఫోన్ చేశాను. డబ్బు కడితే పోలీసులదాకా పోను. నాన్నగారి మీద గౌరవంతో. అప్పటిదాకా వెనక గదిలో కూర్చోండి."

అంతవరకు నిబ్బరంగా ఉన్న మనిషి 'అల్లుడు' అనగానే కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, జీతంలో కోసుకో. ఉద్యోగం తీసెయ్. అతన్నెందుకమ్మా పిలిచావు," అన్నాడు. ఆయనకి ఒక్కతే కూతురు. కాపురానికెళ్లి ఎనిమిది నెలలు.

ఓనరమ్మ బల్ల మీది తాళంచెవి తీసి తన పర్సులో వేసుకుంది.

*

పదకొండున్నర. పద్దులమ్మ తన బల్ల దగ్గర కూర్చుంది. నాలుగున్నర గంటలు. ఈలోపు ఆ పన్నెండంకెలు నిజంగా చూసేస్తే సరి, అబద్ధం కాస్తా నిజమైపోతుంది అనుకుంది. ఎటూ అవి దొరకవు. దొరక్కపోతే అనుకున్నదే ఖాయం. అలా తనకి తాను సర్ది చెప్పుకుని కౌంటర్ బిల్లు పుస్తకాలు తెచ్చుకుంది.

ఆవిడ రోజూ చేసే పని చెప్పుకుంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. షాపుకి అమ్మకాలు రెండు వైపుల నుంచి వస్తాయి, వెబ్‌సైటులో కొన్ని, కౌంటర్ దగ్గర కొన్ని. కార్డు గీకినా, ఫోన్‌తో కట్టినా, రెండు వైపుల డబ్బూ ఒకే పేమెంట్ కంపెనీ చేతిలో పడుతుంది. వాళ్లు తమ కమిషన్ కోసుకుని, మర్నాడు మొత్తం ఒకే ముద్దగా బ్యాంకులో వేస్తారు. ఆ ముద్దలో ఏమేం ఉన్నాయో ఒక రిపోర్టు పంపుతారు. ఒక్కో వరుసలో ఒక్కో చెల్లింపు. పద్దులమ్మ ముందు ముద్దని రిపోర్టుతో సరిచూస్తుంది. తర్వాత రిపోర్టులో ప్రతి వరుసనీ ఏదో ఒక ఆర్డరుతో జతపెడుతుంది. జతలేని చెల్లింపు మిగిలితే ఒక తంటా, జతలేని ఆర్డరు మిగిలితే ఇంకో తంటా.

బ్యాంకుకీ రిపోర్టుకీ ఏనాడూ పైసా తేడా రాలేదు. అందుకే ఆవిడకి అంత ధైర్యం.

మొదటి బిల్లు తీసింది. బాబాయ్ రాత పెద్దది, గుండ్రటిది. ఏడుకి నడుం మీద అడ్డగీత పెట్టి ఒకటితో కలవకుండా రాస్తాడు. కళ్లజోడు తుడుచుకుని, చీటీ దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకె పైకి చదువుతూ రాస్తుంటే వరుసలో నిలబడ్డ దర్జీలు విసుక్కునేవాళ్లు. "ఏంటి తాతా, నంబరు రాస్తున్నావా నవల రాస్తున్నావా," అనేవాళ్లు. "నవలైతే నీకు అర్థమవుతుందేమోరా, ఇది మా పద్దులమ్మకి మాత్రమే అర్థమయ్యే భాష," అనేవాడు ఆయన.

ఆ భాష మా పద్దులమ్మ మొదటి నెల తర్వాత ఒక్కరోజు కూడా చదవలేదు. ఆ ఒక్క నెలా టైపు చేసింది. రోజుకి నలభై బిల్లులు, ఒక్కోదానికి పన్నెండంకెలు, మెడ పట్టేసేది. తర్వాత ఒక సులువు కనిపెట్టింది. నంబరుతో పనేముంది, మొత్తం చూసి జతపెడితే పోలా? ఆర్డరు మొత్తం ఇంత, ఆ రోజు రిపోర్టులో అంత మొత్తం ఉన్న చెల్లింపు ఏదైనా ఖాళీగా ఉందా, ఉంటే జత. కంప్యూటర్ షీటులో ఒక లెక్కల సూత్రం రాసి పడేసింది. పై నుంచి కిందికి అదే చూసుకుంటుంది. రెండు గంటల పని పావుగంటకి దిగింది. ఓనరమ్మ మెచ్చుకుని జీతం కూడా పెంచింది.

నంబర్లు రాయడం మానెయ్యమని మాత్రం బాబాయ్‌కి చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు.

మొదటి బిల్లు నంబరు టైపు చేసింది. వెతుకు అని నొక్కింది.

దొరికింది.

పద్నాలుగు వందల యాభై. అదే తేదీ. కౌంటర్లోని కార్డు మిషన్ నుంచి వచ్చినట్టు పక్క గడిలో రాసి కూడా ఉంది. ఆ గడిని షీటు వెడల్పయిపోతోందని తనే ఎప్పుడో మడిచి దాచేసింది.

రెండో బిల్లు. దొరికింది. మూడోది తప్పు టైపు చేసింది. మళ్లీ చేసింది. దొరికింది. పదో బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటైనా దొరక్కపోతే బావుండని కోరుకుంటున్న సంగతి గమనించి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇరవై మూడూ దొరికాయి. బాబాయ్ తీసుకున్న ప్రతి పైసా మర్నాడే బ్యాంకులో పడింది.

మరి పడనిది ఏది?

ఒక రోజుని విడిగా తీసి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ రోజు వెబ్‌సైటులో నాలుగు మోటార్లు, కౌంటర్లో మూడు. ఏడు ఆర్డర్లు. రిపోర్టులో ఆ ధర చెల్లింపులు ఆరే. తన సూత్రం పై నుంచి మొదలెడుతుంది. షీటులో పైన ఉండేవి వెబ్‌సైటు ఆర్డర్లు, కింద ఉండేవి కౌంటరువి. పైనున్న నాలుగూ ఆరింటిలోంచి నాలుగు లాగేసుకున్నాయి. కిందున్న మూడింటికి రెండే మిగిలాయి. డబ్బు రానిది పైనున్న నాలుగింట్లో ఏదైనా సరే, కొరత వచ్చి పడేది మాత్రం ఎప్పుడూ అట్టడుగున ఉన్న బాబాయ్ మీదే.

వేరే ధర సామాన్లయితే ఇలా జరిగేది కాదు. రోజుకి ఒకటో రెండో అమ్ముడయ్యేవి, జత లేకపోతే వెంటనే బయటపడేవి. రోజూ రెండు వైపులా ఒకే ధరకి అమ్ముడయ్యే మోటారు సెట్టు మాత్రమే ఇలా ఒకదాని చాటున ఒకటి దాక్కోగలదు. రోజుకి ఒక బిల్లు మిగిలితే, "రేపటి ముద్దలో వస్తుందిలే" అని వదిలేసింది. అవే ఇరవై మూడయ్యాయి.

ఇప్పుడు వెబ్‌సైటు ఆర్డర్లని వాటి ఆర్డరు నంబర్లతో రిపోర్టులో వెతికించింది. ఇరవై మూడు ఆర్డర్లకి చెల్లింపే లేదు. డబ్బు రాకుండానే మోటార్లు పార్సిలై వెళ్లిపోయాయి.

డబ్బు రాని ఆర్డరు 'పెండింగ్'లో ఆగిపోవాలి, పార్సిల్‌కి వెళ్లకూడదు. వెళ్లాయంటే ఎవరో చేత్తో 'చెల్లించారు' అని నొక్కారన్నమాట. మొదటి ఆర్డరు చరిత్ర తెరిచింది. ఎవరు మార్చారు అన్న చోట ఒకే మాట ఉంది. అకౌంట్స్. ఇరవై మూడింటికీ అదే.

*

వెనకనున్న పార్సిల్ గదిలో, సరుకు కట్టి పంపే పార్సిల్ అక్క టేపు చింపుతోంది. మూలన అట్టపెట్టె మీద బాబాయ్ కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక ఆవిడకి పెట్టెలు మడిచి ఇస్తున్నాడు.

"ఏం పద్దులమ్మా, ఇంకేమైనా దొరికాయా ఆయన మీద వెయ్యడానికి," అంది పార్సిల్ అక్క. "నిరుడు షాపులో కుర్చీ విరిగింది, అది కూడా రాసెయ్."

"ఊరుకో. ఆ అమ్మాయి పని ఆ అమ్మాయి చేసింది," అన్నాడు బాబాయ్. "అన్నం తిన్నావా అమ్మడూ? మొహం అలా ఉందేంటి?"

పద్దులమ్మ బాబాయ్ వైపు చూడకుండా పార్సిల్ అక్కని పక్కకి పిలిచింది. "అక్కా, ఆర్డర్లని చెల్లించినట్టు నువ్వెప్పుడైనా నొక్కావా? అకౌంట్స్ పాస్‌వర్డ్ నీకూ ఇచ్చాను కదా."

"అడ్రసు చీటీలు ప్రింటు తీసుకోవడానికిచ్చావు. డబ్బుల మీటలు ముట్టుకోవద్దన్నావు. నేనెందుకు ముట్టుకుంటాను తల్లీ? కస్టమర్లు ఫోన్ చేసి 'డబ్బు కట్ అయింది, సరుకు పంపరేంటి' అని తిడతారు. ఫోటో పంపమంటాను. వచ్చింది నీ ఫోన్‌కి పంపుతాను. 'సరే అక్కా, ఆర్డరు వదిలేశాను' అంటావు. పార్సిల్ కడతాను." ఆవిడ టేపు కొరికి తెంపింది. "ఎందుకు?"

"ఏం లేదు," అంది పద్దులమ్మ.

బల్ల దగ్గరికొచ్చి ఫోన్ తీసింది. అక్క పంపిన ఫోటోలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి పెద్దది చేసి చూసింది. పైన పెద్దక్షరాల్లో పద్నాలుగు వందల యాభై. కింద చిన్నక్షరాల్లో 'ప్రాసెసింగ్'. రెండోదీ అంతే. కస్టమరు ఖాతాలోంచి డబ్బు కదిలింది కానీ దారిలో ఆగింది. అలా ఆగిన డబ్బు షాపుకి రాదు, నాలుగైదు రోజుల్లో కస్టమరుకే వెనక్కి పోతుంది. ఈ సంగతి పద్దులమ్మకి తెలియనిదా? కొత్తవాళ్లకి పాఠం చెప్పేంత తెలుసు. కానీ రోజూ పదిసార్లు మోగే ఫోన్, అవతల తిట్లు, ఒక్క మీట నొక్కితే అందరూ నోరు మూస్తారు. నొక్కేసింది. డబ్బు నిజంగా వచ్చిందో లేదో రేపు జతపెట్టేటప్పుడు ఎలాగూ తేలుతుందనుకుంది. జతపెట్టేటప్పుడు తేలలేదు. తన సూత్రమే బాబాయ్ డబ్బు తీసి ఆ ఆర్డర్ల పక్కన పెట్టింది.

మొగుడికి ఫోన్ చేసింది. ఆయన బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేస్తాడు. వెనక గాలి కొట్టే చప్పుడు.

అంతా విని ఆయన అన్నాడు, "నువ్వు తిన్నావా ఆ డబ్బు?"

"లేదు."

"మరింకేం. షీటులో ఏదో తిరకాసుందని చెప్పు. కంప్యూటర్ మీదకి తోసెయ్. దానికేమన్నా పెళ్లాం పిల్లలున్నారా?"

"బాబాయ్ అల్లుణ్ణి పిలిచిందండీ."

అవతల గాలి చప్పుడు ఆగింది. "ఎవరు పిలిచారు?"

"ఓనరమ్మ. నా కాగితం చూసి."

"సాయంత్రం తొందరగా వచ్చెయ్," అని పెట్టేశాడు. నిజం చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అదే ఆవిడకి ఎక్కువ సిగ్గనిపించింది. ఇంత చిన్న నిజం చెప్పడానికి ఇంకొకరి అనుమతి అడిగిన దాన్ని ఏమనాలి?

*

అల్లుడు పది నిమిషాలు ముందే వచ్చాడు. ముప్పై దాటని మనిషి, ఆఫీసు నుంచి సరాసరి వచ్చినట్టు మెళ్లో గుర్తింపు కార్డు వేలాడుతోంది. మావగారిని అట్టపెట్టె మీద చూసి ఎక్కడ చూడాలో తెలియక గోడ గడియారం చూశాడు. బాబాయ్ లేచి నిలబడి, "రండి బాబూ, ఎండలో పడి వచ్చారు," అని తన కోసం ఎవరో తెచ్చిన టీ అల్లుడికివ్వబోయాడు. అల్లుడు వద్దనలేక తీసుకున్నాడు. తాగలేదు.

పద్దులమ్మ ఇక ఆగలేకపోయింది. వాళ్లకంటే ముందు ఓనరమ్మ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"మేడమ్, బాబాయ్ బిల్లుల డబ్బు అంతా వచ్చింది. ఇరవై మూడూ. నంబర్లతో చూశాను."

ఓనరమ్మ కళ్లజోడు తీసింది. "పొద్దున చూశానన్నావు?"

"పొద్దున... పూర్తిగా చూడలేదు. షీటులో పొరపాటుంది. డబ్బు రానివి వెబ్‌సైటు ఆర్డర్లు." కాగితం ముందు పెట్టింది.

ఓనరమ్మ ఒక్కో వరుసా వేలితో చూసింది. వేలు చివర ఆగిన చోట చాలాసేపు ఉంది. తర్వాత లేచి కిటికీ దగ్గరికెళ్లి, అటు తిరిగి నిలబడింది. "బాబాయ్‌ని నేను తాళంచెవి అడిగాను," అంది. ఇంకొకరితో చెబుతున్నట్టు అంది.

పద్దులమ్మకి అంతటితో అయిపోతే బావుండుననిపించింది. షీటులో పొరపాటు. అంతే. నిజమే కదా.

కానీ ఓనరమ్మ వ్యాపారి కూతురు. రెండు నిమిషాల్లో ఇటు తిరిగింది. "డబ్బు రాకుండా సరుకెలా వెళ్లింది?"

"చెల్లించినట్టు చేత్తో నొక్కారు. అకౌంట్స్ లాగిన్‌తో."

"ఆ లాగిన్ ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గర. పార్సిల్ అక్క దగ్గర."

ఇద్దరి పేర్లు చెప్పడం అబద్ధం కాదు. పద్దులమ్మకి ఆ సంగతి తెలుసు. అందుకే అది పొద్దుటి అబద్ధం కంటే దుర్మార్గమని కూడా తెలుసు.

ఓనరమ్మ తలుపు తెరిచింది. "అందరూ ఇలా రండి."

బాబాయ్, అల్లుడు, పార్సిల్ అక్క వరసగా లోపలికొచ్చారు. గది చిన్నది. ఎవరి ఊపిరి ఎవరికి తగులుతోందో తెలిసిపోతోంది. అల్లుడు జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టబోయాడు. "ప్రస్తుతానికి పదిహేను వేలు సర్దగలిగానండీ. మిగతాది ఒకటో తారీకున..." బాబాయ్ ఆ కవరు వైపు చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది లోపల పెట్టుకో బాబూ," అంది ఓనరమ్మ. "మీ మావగారి తప్పేం లేదు. లెక్కల్లో తేలింది." బాబాయ్ వైపు చూడలేదు. ఇంకా చూసేంత మొహం లేనట్టుంది. సరాసరి పార్సిల్ అక్క వైపు తిరిగింది. "ఇరవై మూడు మోటార్లు డబ్బు రాకుండా కట్టి పంపావు. ఎవరికి పంపావు? ఎంతిచ్చారు నీకు?"

పార్సిల్ అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. పొద్దున్నించీ అందరినీ దులిపేసిన మనిషి. చేతికి అంటుకున్న టేపు ముక్కని పీక్కుంటూ పద్దులమ్మ వైపు చూసింది. తిట్టినట్టు కాదు. 'నువ్వు చెప్పు' అన్నట్టు.

బాబాయ్ కల్పించుకున్నాడు. "పాపా, దాన్ననకు. పొద్దున నన్నూ ఇలాగే అన్నావు. ఈ అమ్మాయి ఒకసారి మళ్లీ చూస్తే పోయేది కదా అని అనుకున్నాను. మళ్లీ చూసింది, తేల్చింది." ఆయన పద్దులమ్మ భుజం తట్టాడు. "మంచి పని చేశావమ్మడూ. నీ రుణం ఉంచుకోను."

ఆ చెయ్యి భుజం మీద పడగానే పద్దులమ్మకి భూమి చీలి లోపలికి పోతే బావుండనిపించింది. తిట్టినా, చెయ్యి చేసుకున్నా తట్టుకునేది.

"ఎవరు నొక్కారో చెప్పు," అంది ఓనరమ్మ పార్సిల్ అక్కతో. "ఇప్పుడే, ఇక్కడే. లేదంటే నువ్వు కూడా తాళంచెవి..."

"నేను," అంది పద్దులమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా బల్ల అంచు వైపు చూస్తూ చెప్పింది. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

"ఇరవై మూడూ నేనే నొక్కాను. అక్క ఫోటోలు పంపింది, నేను కింద అక్షరాలు చదవలేదు. డబ్బు వచ్చిందో లేదో చూడలేదు. మొత్తం చూసి జతపెట్టేదాన్ని, నంబరు చూసి కాదు. మూడేళ్లుగా అంతే. మొదటి నెల తప్ప బాబాయ్ రాసిన నంబర్లు ఒక్కరోజు కూడా తెరవలేదు. పొద్దున మీ ముందు చూశానని అబద్ధమాడాను. ఆయన మీద దొంగతనం రాసింది కంప్యూటర్ కాదు. నేను."